రేడియం పట్టీ కాళ్ళకే కట్టాలి

ప్రశ్న: మా ఊళ్ళో పార్కు లేదు, సాయంత్రం ఆరున్నర దాటాక బైపాస్ రోడ్డు మీదే నడుస్తాను. ఫ్లోరోసెంట్ టీషర్టు ఒకటి కొంటే సరిపోతుందా, రిఫ్లెక్టివ్ జాకెట్ కూడా కావాలా?

పొద్దు గూకే వేళకైతే ఆ టీషర్టు చాలు. చీకటి పడ్డాక మాత్రం దాని మీద పెట్టిన డబ్బు దండగే. నన్నడిగితే జాకెట్ కూడా తర్వాతి సంగతి. ముందు కొనాల్సింది కాళ్ళకి కట్టుకునే రేడియం పట్టీలు.

ఇది మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు. అందుకని వెన్నెల లేని రాత్రి చూసుకుని, మా బామ్మర్దిని వెంటేసుకుని ఊరి చివర వెంచర్‌కి వెళ్ళాను. ప్లాట్లన్నీ అమ్ముడుపోయినా ఒక్క ఇల్లూ లేవని వెంచర్ అది. తారు రోడ్డుంది, కరెంటు స్తంభాలున్నాయి, బల్బులు లేవు. స్తంభానికీ స్తంభానికీ మధ్య సుమారు 30 మీటర్లు. కారు ఒక చివర ఆపి, లైట్లు డిమ్‌లో పెట్టి కూర్చున్నాను. వాడు అవతలి చివర నుంచి నడిచి రావాలి, కనిపించగానే నేను హారన్ కొట్టాలి.

మొదట నల్ల టీషర్టు, నల్ల ట్రాక్ ప్యాంటు. "బావా, ఇంకా కొట్టవేంటి?" అన్న కేక ముందు వినిపించింది, మనిషి తర్వాత కనిపించాడు. అప్పటికే నాకు దగ్గరి స్తంభం దాటి వచ్చేశాడు. రెండోసారి చిలకాకుపచ్చ ఫ్లోరోసెంట్ టీషర్టు. రెండో స్తంభం దగ్గర ఏదో పాలిపోయినట్టు కదిలింది. తెల్ల చొక్కా వేసినా అంతే. మూడోసారి మళ్ళీ ఆ నల్ల బట్టలే, రెండు చీలమండలకీ రేడియం పట్టీలు కట్టాం. నాలుగో స్తంభం అవతల రెండు మెరుపులు పైకీ కిందకీ ఆడుతున్నాయి. ముఖం లేదు, ఒళ్ళు లేదు, కానీ వచ్చేది మనిషేనని చూడగానే తెలిసిపోయింది.

గంటకి 60 కిలోమీటర్లలో వచ్చే కారు డ్రైవరు చూసి, బ్రేక్ మీద కాలు వేసేసరికే బండి సుమారు 25 మీటర్లు వచ్చేస్తుంది. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 దాకా పడుతుంది. నల్ల బట్టల్లో మావాడు కనిపించింది 30 మీటర్ల లోపు. అదీ వాడు వస్తున్నాడని నాకు ముందే తెలుసు కాబట్టి!

ఫ్లోరోసెంట్ రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాలను తీసుకుని కంటికి కనిపించే వెలుగుగా ఇస్తుంది. అందుకే మబ్బులోనూ సంజవేళా అంత కొడుతుంది. హెడ్‌లైట్‌లో ఆ కిరణాలు దాదాపు ఉండవు. రేడియం పట్టీ అలా కాదు, పడిన వెలుగును వచ్చిన దారినే డ్రైవరు వైపు తిప్పికొడుతుంది. డిమ్ లైటు కిందికి చూస్తుంది కాబట్టి దూరం నుంచి ముందు వెలుగు పడేది కాళ్ళ మీదే. పైగా కాలి ఊపుని మన కళ్ళు ఇట్టే పట్టేస్తాయి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గునార్ జోహాన్సన్ 1973లో కీళ్ళ దగ్గర మాత్రమే వెలుగు చుక్కలు పెట్టి చీకట్లో మనుషుల్ని నడిపించి చూపించాడు. కదలకపోతే అవి వట్టి చుక్కలు, కదిలితే మనిషి. జాకెట్ గీతలు ఛాతీ మీద పెద్దగా ఊగవు. దూరం నుంచి చూస్తే మైలురాయికి అంటించిన స్టిక్కర్ కావచ్చు, మనిషి కావచ్చు. చీర కట్టుకునేవాళ్ళకి చీలమండ కనిపించదు కాబట్టి మణికట్లకి కట్టుకుని చేతులు ఊపుతూ నడవాలి.

నంబర్ ప్లేట్ల షాపులో దొరికే అంటించే రేడియం బట్ట మీద నిలవదు. కుట్టుకునే బూడిదరంగు టేపు అడగండి, రెండంగుళాల వెడల్పుది. ప్యాంటు అంచు చుట్టూ టైలర్ కుట్టేస్తాడు. దాని మీద ఇస్త్రీ పెట్టొద్దు, బ్రష్షుతో రుద్దొద్దు, పైనున్న సన్నటి గాజు పూసలు రాలిపోతాయి. పని చేస్తోందో లేదో చూడాలంటే చీకటి గదిలో ఫోన్ టార్చి కంటి పక్కనే పెట్టుకుని పది అడుగుల నుంచి చూడండి. బల్బులా వెలిగితే మంచిదే, మచ్చలు మచ్చలుగా నల్లబడితే మార్చేయాలి. వానలో తడిస్తే ఈ రకం బాగా మందగిస్తుంది. స్పోర్ట్స్ బట్టల కంపెనీలకైతే దండం! నిలువెల్లా నలుపు, వెనకాల వేలెడు రిఫ్లెక్టివ్ లోగో, దానికి అదనపు రేటు.

పట్టీ కూడా పనికిరాని చోటుంది. లైటు వేయని ట్రాక్టర్‌కి మీరు కనబడరు. ఎదురుగా హైబీమ్ కొడుతూ ఇంకో బండి వస్తుంటే మీ వెనక వచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకే కుడి పక్కన, బండ్లకి ఎదురుగా నడవండి. రెండు వైపుల నుంచీ లైట్లు కలుస్తుంటే తారు దిగి మట్టిలోకి వెళ్ళండి.

నాకు అసలు టెన్షన్ మాత్రం కార్తీకంలో నల్లబట్టలతో తెల్లారగట్ల నడిచే స్వాములు, శివరాత్రి ముందు శ్రీశైలం దారిలో వెళ్ళే పాదయాత్రికులు. మా వీధి గురుస్వామి మొదట మూటలకి స్టిక్కర్లు వేయిద్దామన్నాడు. తలంత ఎత్తుకి డిమ్ లైటు సరిగా అందదని చెప్పి కాళ్ళకి పట్టీలు ఇప్పించాను. అందరికీ సరిపోకపోతే గుంపులో చివర నడిచే ఇద్దరికి ముందు కట్టండి, వెనక నుంచి వచ్చే లారీకి మొదట కనిపించేది వాళ్ళే.