వాంతి ముందా, నొప్పి ముందా

చిరంజీవి విద్యార్థినికి ఆశీస్సులు.

చెల్లాచెదురుగా ఉన్న ఛాతీ నొప్పి నోట్సును నువ్వు ఒక్క పేజీ పట్టికలోకి తెచ్చావు, మంచి పనే. కానీ రెండో వరుసలో గుండెపోటు పక్కనా, ఐదో వరుసలో అన్నవాహిక చిరుగు పక్కనా ఒకే మాట, "వాంతి", కనిపించేసరికి మనసు చివుక్కుమంది. గుండెపోటులో సాధారణంగా నొప్పి మొదలయ్యాక వాంతి అవుతుంది. అన్నవాహిక చిరిగినప్పుడు బలమైన వాంతుల తరువాత నొప్పి వస్తుంది. నీ నోట్సులో "నాలుగు వాంతులు, ఆపైన నొప్పి" అని స్పష్టంగా రాసుకున్నావు. పట్టికలోకి ఎక్కించేటప్పుడు ఆ "ఆపైన" రాలిపోయింది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు జబ్బుల పేర్ల మొదటి అక్షరాలతో కట్టిన కొండగుర్తు నాకు కంఠతా వచ్చు. ఒక రాత్రి క్యాజువాల్టీలో ఇలాంటి రోగి పక్కన నిలబడి ఆ పేర్లన్నీ మనసులో చదువుకున్నాను, ఏది ముందు వచ్చిందని మాత్రం అడగలేదు. తెల్లవారుజామున మా పెద్ద డాక్టరు గారు వచ్చి, రోగి మెడ మీద నా వేళ్లు ఆనించి నొక్కమన్నారు. చర్మం కింద చేరిన గాలి మరమరాలు నలిగినట్టు చిటపటలాడింది. పోగొట్టిన ఆ గంటలను నేను ఇప్పటికీ మరువలేదు.

అందుకే జబ్బు పేర్లతో కొండగుర్తు కట్టవద్దంటాను. మన చెయ్యి రోగి ఒంటి మీద ఏ దారిన వెళ్లాలో అదే కొండగుర్తు కావాలి: ముందు "ఏది ముందు?" అన్న ప్రశ్న, ఆ తరువాత మెడ, రొమ్ము, చెయ్యి, పిక్క. మెడ సిరలు ఉబ్బి, బీపీ పడిపోయి, గుండె చప్పుడు దూరంగా వినిపిస్తే గుండె చుట్టూ ద్రవం నిండి నొక్కుతున్నదేమో అనుకోవాలి. అయితే ఛాతీలో గాలి ఒత్తిడితో చేరినా ఆ సిరలు ఉబ్బవచ్చు కాబట్టి చెయ్యి అక్కడే ఆగకుండా రొమ్ముకు దిగాలి. ఒకవైపు ఊపిరి శబ్దం లేక, వేలితో తడితే డొల్లగా మోగితే అది గాలి. రెండు చేతుల బీపీ మధ్య 20 మి.మీ.కు మించిన తేడా, వీపులోకి చీల్చుకుపోయే నొప్పి కలిస్తే మహాధమని చీలికను అనుమానించాలి. ఒక పిక్క చుట్టుకొలత రెండోదానికంటే 3 సెం.మీ.కు మించి ఎక్కువగా ఉంటే ఊపిరితిత్తుల ధమనిలో రక్తపు గడ్డ ఉందేమో చూడాలి. గుండెపోటును ఈ దారిలో చేర్చలేదు, ఎందుకంటే ఛాతీ నొప్పితో వచ్చిన ప్రతివారికీ 10 నిమిషాల్లోపే ఈసీజీ తీయాలి.

ఇక ప్రతి వరుసకూ ఉండాల్సిన "ఆ గుర్తు లేకపోతే?" అన్న చివరి గడి. నా మొదటి పుస్తకంలో ఆ గడిని పేజీ వెడల్పు చాలదని సంపాదకుడు కోసేశాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. మహాధమని చీలిన ఎందరిలోనో చేతుల బీపీ సమానంగానే ఉంటుంది. ఆ గడి లేని పట్టికను నమ్మి, అది గుండెపోటే అనుకుని గడ్డ కరిగించే మందు ఎక్కిస్తే రోగి ప్రాణానికే ముప్పు.

కనుక ఐదో వరుసను ఇలా తిరగరాసి పంపు: "అన్నవాహిక చిరుగు, వాంతి, ఆపైన నొప్పి, మెడ చర్మం కింద చిటపట, చిటపట లేకపోయినా కొట్టివేయరాదు." మిగిలిన వరుసలు అది చూశాక చదువుతాను.