బదులు ఇస్తే గడువు చెప్పాలి

ప్రశ్న: మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయ కొనుగోలు చూస్తాను. గురువారం సాయంత్రం నాలుగింటికి గంటసేపు మీటింగుకు మేనేజరు గారు పిలిచారు. లారీలు వచ్చే వేళ అది. ‘రాలేను’ అంటే మొరటుగా ఉంటుందని ‘హాజరు కాలేకపోవుచున్నందుకు మన్నించగలరు. ప్రత్యామ్నాయముగా లిఖితపూర్వక నవీకరణ గానీ స్వల్ప ఫోన్ సంభాషణ గానీ సమర్పించగలను’ అని రాశాను. సరైనదేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, తప్పు లేదు గానీ ఇది మీ నోట వచ్చే మాట కాదు. ‘రాను’ అంటే నిరాకరణ, ‘రాలేను’ అంటే అశక్తత. ‘రాలేకపోతున్నాను’ అంటే రావాలని ఉండీ వీలుపడలేదని. మీకు కావలసింది ఈ మూడోది. ఇక ‘నవీకరణ’ అంటే పాతదాన్ని కొత్తది చేయడం, లైసెన్సులకు వాడే మాట. మీరు పంపేది ఎంత కాయ దిగిందన్న సంగతి. సంగతి అనండి, అప్‌డేట్ అన్నా నాకు అభ్యంతరం లేదు.

నేను ఎక్కువగా చెప్పదలచింది ‘ప్రత్యామ్నాయం’ రాసి మీరు మరిచిన ‘బదులు’ గురించి. ఇది అరబ్బీ ‘బదల్’. ఉర్దూ గుండా మనకు వచ్చింది, మనవాళ్లు ఉకారం చేర్చి సొంతం చేసుకున్నారు. మీ ఊరి సంతలో తమిళులు జవాబును ‘పదిల్’ అంటారు, పలమనేరు దాటితే కన్నడిగులు ఒకదానికి మారుగా అనడానికి ‘బదలు’ అంటారు, అంతా ఒకటే. ఆఫీసుల్లో అందరూ భయపడే ‘బదిలీ’ కూడా దీని చుట్టమే. తెలుగులో మాత్రం ఈ మాటకు మూడు పనులు. ఒకదాని స్థానంలో మరొకటి అనడానికి బదులు. పిలిస్తే పలికేది బదులు. తిరిగి ఇచ్చే షరతు మీద తీసుకునేదీ బదులే, చేబదులు.

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి పక్కింటావిడ గ్లాసు పట్టుకుని వచ్చేది. ‘వదినా, ఒక గ్లాసు చక్కెర బదులియ్యి, శుక్రవారం ఇచ్చేస్తా’ అనేది. మా అమ్మ అంచు వరకు అరచేత్తో చదును చేసి పోసేది. శుక్రవారం గ్లాసు తిరిగి వచ్చేది, అదే కొలత. కొలతా గడువూ రెండూ చెప్పకుండా బదులు అడిగిన మనిషిని నేను చూడలేదు.

మీ ఉత్తరంలో లేనిది అదే. ఏం రాసి పంపుతారో, ఎప్పటికి పంపుతారో లేదు. పైగా ‘గానీ గానీ’ అని రెండూ ముందు పెట్టి ఏరుకునే పని ఆయనకు అప్పగించారు. ‘అయితే ఎప్పుడు?’ అని ఆయన తిరిగి అడిగితే మీ ఉత్తరం పని చేయలేదని అర్థం. ‘సమర్పించగలను’లోని ‘గలను’ శక్తిని చెబుతుంది, మాట ఇవ్వదు. ‘పంపుతాను’ అంటేనే మాట ఇచ్చినట్టు. ఈ ‘గలను, గలరు’ ఇప్పుడు ప్రతి నోటీసులోనూ చేరి క్రియను నీరుగారుస్తున్నాయి, నాకు బాధగా ఉంటుంది.

తెలియజేస్తే చాలే సంగతి రాతకు పోతుంది. ఎదురు ప్రశ్న వచ్చే సంగతి ఫోనుకు పోతుంది. రైతుకూ ఫ్యాక్టరీకీ మధ్య తగాదా ఉంటే రెండూ చాలవు, మీరు వెళ్లి కూర్చోవాలి. మీ దాంట్లో మొదటి రెండూ ఉన్నాయనుకుని రాస్తున్నాను:

‘సార్, గురువారం నాలుగింటి మీటింగుకు రాలేకపోతున్నాను. అప్పుడు లారీలు తూకానికి వస్తాయి. రావడానికి బదులు, ఈ వారం ఎంత కాయ దిగింది, ఎవరికెంత బాకీ అన్నది బుధవారం సాయంత్రం ఆరులోపు రాసి పంపుతాను. రేటు ఒక్కటే మీరు తేల్చాలి. దానికి గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడితే సరిపోతుంది. చాలదనిపిస్తే చెప్పండి, తూకం దగ్గర మనిషిని పెట్టి వస్తాను.’

రాత మీటింగుకు ముందు రోజే చేరుతుంది కనుక ఆయన దాన్ని అక్కడ చదివి వినిపించవచ్చు. చివరి వాక్యం తీసేయకండి. రావాలా వద్దా అన్న తీర్పు పిలిచిన వారి దగ్గరే ఉండాలి. మొదట్లోనే కారణం ఒక్కటి చెప్పారు, రెండోది కలపకండి. కారణాలు పెరిగితే సాకుల్లా వినిపిస్తాయి.

‘ప్రత్యామ్నాయం’ తప్పని మాత్రం అనను. ధర్మశాస్త్రంలో కృచ్ఛ్రమనే కఠిన ఉపవాస వ్రతం చేయలేని వాడు గోవునో దాని వెలనో ఇవ్వడాన్ని ప్రత్యామ్నాయం అన్నారు, అక్కడా కొలత ఉంది. పెద్ద ఆఫీసుకు రాసేటప్పుడు మీకు ఆ మాటే నచ్చితే ఉంచుకోండి. ‘మన్నించగలరు’ మాటేమిటంటారా? పాత శుభలేఖల్లో ‘దయచేయగలరు’ ఉంది కాబట్టి కొట్టేయలేను. అయినా నేనైతే ‘మన్నించండి’ అనే రాస్తాను.