నష్టం చేనుది, లెక్క ఊరిది

మా నల్గొండ వైపు వరి రైతులు ఫసల్ బీమా డబ్బులు రాలేదంటున్నారు, కంపెనీ ఏమీ బాకీ లేదంటోంది. వార్త ఎలా రాయాలి?

తెలంగాణ 2020లో పథకం నుంచి తప్పుకుంది కాబట్టి, ఏ సీజన్ బాకీయో ముందు తేల్చుకోండి. రైతు మాటకు తోడు ప్రీమియం కోసిన బ్యాంకు పాస్‌బుక్కు చూడండి.

చిక్కంతా నిబంధనలోనే. కరువు లాంటి విస్తృత నష్టానికి వరి లెక్క సాధారణంగా ఊరంతటికీ కలిపి కడతారు. ఊళ్లో కొన్ని చేలలో పంట కోసి తూచే పంటకోత ప్రయోగాల సగటు, ముందే ఖరారు చేసిన హామీ దిగుబడి కన్నా తగ్గితేనే పరిహారం. ఎకరాకు హామీ 20 క్వింటాళ్లు, వచ్చింది 15 అనుకుంటే, బీమా మొత్తంలో నాలుగో వంతు రావాలి. ఒక్కరి చేను ఎండినా ఊరి సగటు బాగుంటే ఏమీ రాదు, రైతు అబద్ధమాడినట్టు కాదు.

కంపెనీని రాతపూర్వకంగా అడగండి: దిగుబడి వివరాలు, రాష్ట్రం వాటా సబ్సిడీ ఎప్పుడు అందాయి? ఆలస్యం తరచూ అక్కడే. జవాబును యథాతథంగా వేయండి.