అమోనియా లేదంటే సరిపోదు, చిన్నీ

చిన్నీ,

మరిది పెళ్లికి ఈసారి అమోనియా లేని జుట్టు రంగు కొంటానని రాశావు. కొనేముందు ఈ ఉత్తరం చదువు.

పోయినసారి రంగు వేసుకున్న రోజు నీకేమీ కాలేదన్నావు. మర్నాడు సాయంత్రం చెవుల వెనక దురద మొదలైంది, మూడో రోజుకి నుదుటి అంచున దద్దుర్లు వచ్చాయి. అమోనియా పడకపోతే రాస్తున్నప్పుడే మాడు మండుతుంది, ఘాటుకి కళ్లలో నీళ్లొస్తాయి. ఒకటి రెండు రోజులాగి వచ్చే దురద చాలావరకు అలర్జీయే. దానికి ఎక్కువగా కారణం పీపీడీ, అంటే పారాఫినైలీన్‌డయమైన్. నల్లరంగు పట్టేది దీనివల్లే. అమోనియా ముఖ్యంగా చేసేది వెంట్రుక పైపొర తెరవడం. అది తీసేసి వేరే క్షారం కలిపినా పీపీడీ డబ్బాలో అలాగే ఉండొచ్చు.

కలర్ షాంపూలూ అంతే. పేరుకే షాంపూ గానీ, నల్లగా మార్చేవి చాలావరకు అదే జాతి రంగులు. పది నిమిషాల్లో కడిగేస్తాం కదా అనుకోకు, అలర్జీ ఉన్నవాళ్లకి ఆ కాసేపు చాలు. అట్ట మీద పదార్థాల జాబితా చూడు. నల్ల హెన్నా అని అమ్మే పొడుల్లోనూ పీపీడీ కలుపుతారు. ఉట్టి గోరింటాకు తెల్లవెంట్రుకని ఎర్రగానే చేస్తుంది.

ఎప్పుడూ ఏమీ కానివాళ్లయితే ప్రతిసారీ 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూసుకోవాలి. నువ్వు మాత్రం ఇంట్లో ఆ పరీక్ష కూడా చేయొద్దు. ఒకసారి వచ్చిన అలర్జీ రెండోసారి ఇంకా గట్టిగా రావచ్చు. చర్మ డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకో. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెళ్లికి నీకు కుదుళ్ల దగ్గర తెల్లదనం కప్పే రూట్ టచప్ స్ప్రే నప్పుతుంది. దీని రంగు వెంట్రుకలోకి దిగదు, పైన పూతలా నిలుస్తుంది, తలంటుకుంటే పోతుంది. సాధారణంగా పీపీడీ ఉండదు, అయినా జాబితా చూసే కొను. సువాసన పడనివాళ్లకి ఇదీ దురద పెట్టొచ్చు, కాబట్టి వారం ముందే ఒకరోజు వాడి చూడు. మాడు మీద పుండుంటే అసలు వద్దు.

నూనె లేని, బాగా ఆరిన జుట్టు మీదే కొట్టాలి. డబ్బా బాగా ఊపి, జానెడు దూరంలో పట్టుకుని, నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పాపిట వెంట కొంచెం కొంచెంగా కొట్టు. ఒకేచోట పట్టుకుంటే అట్టకట్టి పొడిలా రాలుతుంది. భుజాల మీద పాత తువ్వాలు వేసుకో, ఆరాకే పట్టుచీర కట్టుకుని పూలు పెట్టుకో. గ్యాస్ స్ప్రేకి నిప్పంటుకుంటుంది కాబట్టి స్టవ్, దీపం దగ్గర కొట్టొద్దు. చెమటకి నుదుటి మీదకి కారొచ్చు, పర్సులో టిష్యూలు పెట్టుకో. ఆ రాత్రే తలస్నానం చేసి పడుకో, లేకపోతే దిండు గలీబంతా నల్లబడుతుంది.

మీ పెద్దమ్మ