ముప్పావలా వడ్డీ అన్నారు, లెక్కేస్తే రూపాయి పావలా దాటింది

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాను. జీతం చేతికి 62 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 38 వేలు. ఒక పాత కార్ల డీలర్ సైట్‌లో 2019 మోడల్ కారు 5.20 లక్షలకు పెట్టారు. ఫొటోల్లో బాగుంది. 1.20 లక్షలు కట్టి 4 లక్షలు లోన్ తీసుకుంటే 9 శాతం వడ్డీతో నాలుగేళ్లు నెలకు 11,333 అని అదే సైట్‌లోని లోన్ కాలిక్యులేటర్ చూపించింది. నాకు 3.40 లక్షల ఎఫ్‌డీ ఉంది, 6.5 శాతం వస్తోంది. తేడా రెండున్నర శాతమే కాబట్టి డౌన్‌పేమెంట్‌కు మాత్రం తీసి, మిగతా ఎఫ్‌డీ కదపకుండా ఉంచుదామనుకుంటున్నాను. సైట్‌లో ఎంక్వైరీ పెట్టాను, టోకెన్ ఇంకా ఇవ్వలేదు. సరైన ఆలోచనేనా?

జవాబు: టోకెన్ ఇవ్వకపోవడం మంచిదైంది. ముందు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 11,333ని 48తో గుణిస్తే 5,43,984 వస్తుంది. అందులోంచి అసలు 4 లక్షలు తీసేస్తే వడ్డీ 1,43,984. దాన్ని నాలుగేళ్లకు పంచితే ఏడాదికి దాదాపు 36 వేలు. నాలుగు లక్షల మీద 36 వేలంటే సరిగ్గా 9 శాతం. ఇలా లెక్క సరిగ్గా కుదిరిందంటే అది ఫ్లాట్ రేటు. నెలనెలా అసలు తగ్గే లోన్‌కు ఈ లెక్క ఎప్పుడూ ఇలా కుదరదు, చెప్పిన రేటు కంటే బాగా తక్కువ వస్తుంది.

ఫ్లాట్ అంటే మీరు ఎంత తీర్చినా మొదటి రోజు తీసుకున్న 4 లక్షల మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. మీ ఈఎంఐలో అసలు 8,333, వడ్డీ 3,000. మొదటి నెల ఈ 3,000 న్యాయమే. నలభై ఎనిమిదో నెలకు మీరు బాకీ ఉన్నది 8,333 మాత్రమే, దాని మీద కూడా 3,000 వడ్డీ కడతారు. మన ఊళ్లలో ఏ వడ్డీ వ్యాపారి అయినా ఇలా అడిగితే పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెడతాం. సైట్‌లో రంగుల స్లైడర్ జరిపితే వచ్చిన అంకె కాబట్టి నమ్మేస్తాం.

మరి అసలు రేటు ఎంత? స్ప్రెడ్‌షీట్‌లో ఈ ఒక్క వరుస కొట్టండి:

```
=RATE(48,-11333,400000)*12
```

దాదాపు 16 శాతం వస్తుంది. మన భాషలో చెప్పాలంటే ముప్పావలా వడ్డీ అనుకున్నది రూపాయి ముప్పై మూడు పైసలు. నిజంగా తగ్గే బాకీ మీద 9 శాతమైతే మీ ఈఎంఐ 9,954 ఉండాలి. నెలకు 1,379 తేడా, 48 నెలలకు 66 వేల పైచిలుకు. కాబట్టి మీ ఎఫ్‌డీని పోల్చాల్సింది 9తో కాదు, 16తో. అప్పుడు తేడా తొమ్మిదిన్నర శాతం, ఎఫ్‌డీ వడ్డీ మీద పన్ను లెక్కేస్తే ఇంకా ఎక్కువ.

నేనైతే ఇలా చేస్తాను. ఎఫ్‌డీలోంచి 1.20 కాకుండా 1.80 లక్షలు కారుకు పెడతాను. మిగిలే 1.60 లక్షల్లో 35 వేలు ఇన్సూరెన్స్‌కు, ఆర్‌సీ మార్పించడానికి, సర్వీసింగ్‌కు పక్కన పెడతాను. పాత బండి ఇంటికొచ్చిన మొదటి నెల ఖర్చు పెట్టించకుండా ఉండదు. ఇంకా 1.25 లక్షలు ఉంటాయి, అంటే మీకు మూడు నెలల పైన ఇంటి ఖర్చు. అది కదపొద్దు. అప్పుడు లోన్ 3.40 లక్షలే. మీ జీతం పడే బ్యాంకును అడగండి. పాత కారు లోన్‌కు కొత్త కారు కంటే ఎక్కువే అడుగుతారు. 13 శాతానికి, తగ్గే బాకీ మీద ఇచ్చారనుకుందాం. మూడేళ్లకు ఈఎంఐ 11,456. మీరు కట్టాలనుకున్న దానికి 123 రూపాయలే ఎక్కువ, అయితే పన్నెండు నెలల ముందే అయిపోతుంది. మొత్తం వడ్డీ దాదాపు 72 వేలు, డీలర్ లెక్కలో సగం.

డీలర్ లోనే తీసుకోవాల్సి వస్తే కాలిక్యులేటర్ అంకె పట్టుకుని మాట్లాడకండి, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన రిటైల్ లోన్లన్నిటికీ బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు ఇది ఇవ్వాలని ఆర్‌బీఐ ఆదేశం. అందులో ఏపీఆర్ అని ఒక రేటు ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలిపి వేసిన రేటు అది. మీ కాలిక్యులేటర్‌లో ఇవేవీ లేవు. ఉదాహరణకు 18 వేల ఫీజులు లోన్‌లోనే కలిపేస్తే బాకీ 4.18 లక్షలవుతుంది, కారుకు వెళ్లేది మాత్రం 4 లక్షలే. ఆ పత్రంలో లేని చార్జీని తర్వాత మీ స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదు. దాని గడువు కనీసం మూడు పనిదినాలు, కాబట్టి "ఇవాళే సంతకం పెట్టాలి" అంటే తొందరపడక్కర్లేదు.

ఇంకొకటి, షోరూమ్‌లో మీరు వినే మాట: "క్యాష్ అయితే తగ్గించలేం సార్, మా లోన్ తీసుకుంటే పదివేలు తగ్గిస్తాం." లోన్ ఇప్పించినందుకు డీలర్‌కు ఫైనాన్స్ సంస్థ కమీషన్ ఇస్తుంది, తగ్గింపు అందులోంచే వస్తుంది. పదివేల కోసం 70 వేల వడ్డీ ఎక్కువ కట్టడం మీకు గిట్టదు. బేరానికి బలమైన ఆధారం వేరే ఉంది. ఆ కారు సైట్‌లో ఎన్నాళ్ల నుంచి ఉందో చూడండి. రెండు నెలలుగా కదలని బండిలో డీలర్ డబ్బు ఇరుక్కుని ఉంటుంది, అప్పుడు ధర దిగుతుంది. ఫొటోలు ఇరవై ఉన్నా మీటర్ రీడింగ్, టైర్లు, బానెట్ లోపలి భాగం లేకపోతే అవే అడగండి.

సైట్‌లో 5.20 లక్షలు అని ఉన్నా లోన్ దాని మీద ఇవ్వరు, ఫైనాన్స్ వాళ్ల వాల్యుయేటర్ వేసిన విలువలో కొంత శాతమే ఇస్తారు. విలువ 4.60 లక్షలు వేసి 80 శాతం ఇస్తే 3.68 లక్షలే. మీరు మొదట అనుకున్న 4 లక్షలకు 32 వేలు తక్కువ. 3.40కి వస్తే ఆ ఇబ్బంది లేదు.

ఇక మీరు పెట్టిన ఎంక్వైరీ. "మీ ఎంక్వైరీ పరిశీలనలో ఉంది" అని స్టేటస్ చూపిస్తుంటే, అది కారు గురించా, లోన్ గురించా అడిగి తెలుసుకోండి. మా బావమరిది ఇలాగే ఒక సైట్‌లో పాన్ నంబర్ ఇచ్చాడు. వారంలో ఐదు సంస్థలు అతని క్రెడిట్ రిపోర్ట్ చూశాయి, అడిగింది ఒకే కారుకు. తర్వాత మంచి బ్యాంకుకు వెళ్తే ఆ ఐదు ఎంక్వైరీల గురించి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మీరు ఫోన్ నంబర్ మాత్రమే ఇచ్చి ఉంటే ఫోన్లు వస్తాయంతే. పాన్ కూడా ఇచ్చి ఉంటే, లోన్ కోసం ఎవరికీ పంపొద్దని డీలర్‌కు వాట్సాప్‌లో రాసి పెట్టండి, ఏ రోజు చెప్పారో ఉంటుంది. రిపోర్ట్‌ను ఎవరైనా చూస్తే క్రెడిట్ బ్యూరో మీకు మెసేజ్ పంపాలి, ఈ వారం వాటిని చూసుకోండి. టోకెన్ ఇచ్చే ముందు ఆర్‌సీలో పాత లోన్ హైపోథికేషన్ ఉందేమో కూడా చూడండి. ఉంటే, అది తీసేయడానికి పాత ఫైనాన్స్ సంస్థ ఎన్‌ఓసీ, ఫారం 35 చూపించాకే డబ్బు కదపండి.