6 లక్షల ప్యాకేజీ, చేతికి 36,800

ప్రశ్న: మా అబ్బాయికి క్యాంపస్ ఎంపికల్లో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ప్యాకేజీ ఏడాదికి 6 లక్షలు. నెలకు 50 వేలు వస్తాయని గది అద్దె, విద్యారుణం వాయిదా లెక్క వేసుకున్నాం. చేతికి 37 వేల లోపే వస్తుందని కంపెనీవాళ్లు అంటున్నారు. మోసమేమైనా ఉందా? – ఒక తండ్రి

జవాబు: మోసం కాదండీ. ఆఫర్ లెటర్‌లో పెద్ద అక్షరాలతో వేసే సీటీసీ మీ అబ్బాయి జీతం కాదు. అతన్ని ఉద్యోగంలో ఉంచుకోవడానికి ఏడాదికి కంపెనీ చూపించే మొత్తం ఖర్చు. దాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేది కంపెనీ నెల ఖర్చు మాత్రమే. నా మొదటి ఉద్యోగంలో నేనూ ఇలాగే భాగించి, ఆ ధీమాతో ఖరీదైన గది తీసుకుని రెండు నెలలకే ఖాళీ చేశాను.

లెటర్ వెనుక జీతం వివరాల పట్టిక ఉంటుంది. మీరు చెప్పిన అంకెలకు సరిపోయే ఒక మామూలు పట్టికను విప్పి చూద్దాం.

ముందు వేరియబుల్ పే చూడండి. 10 శాతమైతే 60,000. ఇది నెలనెలా రాదు. కంపెనీ ఫలితాలను, మీవాడి పనితీరును చూసి మూడు నెలలకో, ఏడాదికో ఇస్తారు. పూర్తిగా ఇవ్వకపోవచ్చు కూడా. చెల్లించే నాటికి ఉద్యోగంలో ఉండాలన్న షరతు పెట్టే కంపెనీలూ ఉన్నాయి. ఇంటి ఖర్చుల లెక్కలో దీన్ని సున్నా అనుకోండి.

తరువాత బేసిక్. మన పట్టికలో నెలకు 25,000 అనుకుందాం. మిగతా చాలా లెక్కలు దీని మీదే నడుస్తాయి. అందులో 12 శాతం, అంటే నెలకు 3,000 చొప్పున కంపెనీ పీఎఫ్ కడుతుంది. ఏడాదికి 36,000. గ్రాట్యుటీ అంటే ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల బేసిక్. నెలను 26 పనిదినాలుగా లెక్కిస్తారు కాబట్టి అది బేసిక్‌లో 4.81 శాతం అవుతుంది, ఏడాదికి 14,430. శాశ్వత ఉద్యోగి సాధారణంగా ఐదేళ్లు పూర్తి చేస్తేనే ఈ డబ్బు అందుతుంది. రెండేళ్లకే కంపెనీ మారితే ఇది కాగితం మీద అంకెగానే మిగిలిపోతుంది. ఆరోగ్య బీమా ప్రీమియం 9,570 అనుకుందాం.

ఈ నాలుగూ తీసేస్తే 4,80,000 మిగులుతుంది, నెలకు 40,000. స్థూల జీతం ఇదే. ఇందులో 25,000 బేసిక్, 10,000 ఇంటి అద్దె భత్యం, మిగిలిన 5,000 స్పెషల్ అలవెన్సు. స్పెషల్ అలవెన్సు అన్న పేరు చూసి ప్రత్యేకంగా ఏదో ఇస్తున్నారనుకోకండి, లెక్క సరిపెట్టడానికి వేసే అంకె అది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఉద్యోగి తన వాటాగా కట్టే పీఎఫ్ చాలా ఆఫర్ లెటర్లలో కనిపించదు. అదీ బేసిక్‌లో 12 శాతమే, 3,000. తెలంగాణలో ఈ జీతానికి వృత్తి పన్ను 200. ఆదాయపు పన్ను మాత్రం పడదు. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది. చివరికి బ్యాంకులో పడేది 36,800. కంపెనీ చెప్పింది నిజమే.

అయితే మీరు వెదుకుతున్న 13,200 అంతా పోయినట్టు కాదు. రెండు పీఎఫ్ వాటాలూ కలిపి నెలకు 6,000 మీవాడి పేరు మీదే జమ అవుతూ వడ్డీ తెచ్చుకుంటాయి. ఉద్యోగంలో చేరగానే పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు తీసుకుని, రెండు వాటాలూ పడుతున్నాయో లేదో పీఎఫ్ పాస్‌బుక్‌లో చూసుకోమనండి. జీతంలో కోసి, ఖాతాలో వేయని కంపెనీలూ ఉన్నాయి.

కొన్ని కంపెనీలు 25,000 మీద కాకుండా 15,000 పరిమితి మీదే పీఎఫ్ కడతాయి. అప్పుడు ఒక్కో వాటా 1,800. కంపెనీ వాటాలో తగ్గిన 1,200ను స్పెషల్ అలవెన్సులో కలిపితే, మీవాడి వాటాలో తగ్గిన 1,200తో కలిపి చేతికి 39,200 వస్తుంది. జీతం పెరిగిందని సంబరపడక్కర్లేదు, పొదుపు తగ్గిందంతే. విద్యారుణం వాయిదా బరువైతే మాత్రం ఈ పద్ధతి ఉందేమో అడగవచ్చు.

కంపెనీకి మెయిల్ రాసి రెండే విషయాలు అడగమనండి: నెలకు చేతికొచ్చే మొత్తం ఎంత, నిరుడు కొత్తగా చేరినవాళ్లకు వేరియబుల్‌లో ఎంత శాతం ఇచ్చారు. చేరినప్పుడు ఇచ్చే బోనస్‌ను కూడా సీటీసీలో కలిపారేమో చూడండి. అది ఒక్కసారి వచ్చేది, రెండో ఏడాది ఉండదు. ముందే మానేస్తే వెనక్కి కట్టమంటారు కూడా.

ఇంకో కంపెనీ వేరియబుల్ లేకుండా 5 లక్షల 40 వేలే ఇస్తామంటే చిన్న ఆఫర్ అని పక్కన పెట్టకండి. మిగతా అంకెలన్నీ ఇవే అయితే, అక్కడా ఒకటో తారీఖున పడేది ఇదే 36,800.