డౌన్ పేమెంట్ పోగయ్యేలోపు ఫ్లాట్ రేటు పెరిగిపోతుంటే

ప్రశ్న: హైదరాబాద్‌లో మేం చూసిన ఫ్లాట్ 85 లక్షలు. ఏడాది తిరిగేసరికి ఇంకో ఆరేడు లక్షలు ఎక్కువ చెబుతున్నారు. నెలకు 40 వేలు దాస్తున్నాం. అసలు ఎంత టార్గెట్ పెట్టుకోవాలి?

జవాబు: మేం చేసిన తప్పు చెబితే లెక్క తొందరగా తెలుస్తుంది. 2021 చివర్లో నిజాంపేట వైపు ఒక ఫ్లాట్ చూశాం. కట్టడం పూర్తయినట్టు ఓసీ సర్టిఫికెట్ వచ్చేసింది కాబట్టి జీఎస్టీ లేదు, పార్కింగ్‌తో కలిపి 80 లక్షలు. బ్యాంకు 80 శాతం ఇస్తుందన్నారు, అంటే మా చేతి నుంచి 16. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అదో 6 లక్షలు. దానికి లోన్ రాదు. మొత్తం 22. మావారు క్యాలెండర్ వెనక పెద్దగా 22 అని రాసి చుట్టూ గీత గీశారు. అప్పటికి 4 లక్షలున్నాయి, నెలకు 45 వేలు ఆర్‌డీ కట్టుకుంటూ పోయాం.

మూడేళ్లకు వడ్డీతో 22 లక్షల 30 వేలు అయింది. సంబరంగా వెళితే అదే అపార్ట్‌మెంట్‌లో అలాంటి ఫ్లాటే కోటి. సరే, మన వాటా ఓ ఐదారు లక్షలు పెరిగి ఉంటుందిలే అనుకున్నాం. బ్యాంకులో లోన్ చూసే ఆయన క్యాలిక్యులేటర్ మా వైపు తిప్పి చూపించారు. ఫ్లాట్‌కి 25, రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర, మొత్తం 32 లక్షల 50 వేలు!

కారణం రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పరిమితి. లోన్ 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉంటే ఫ్లాట్ విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు. 75 దాటితే 75 శాతమే. ఇప్పుడు దీన్ని ధరకు పెట్టి చూడండి. 93 లక్షల 75 వేల ఫ్లాట్‌కి 80 శాతం అంటే సరిగ్గా 75 లక్షలు. కోటి రూపాయల ఫ్లాట్‌కి 75 శాతం అన్నా అదే 75 లక్షలు. అంటే ఈ రెండు ధరల మధ్య బ్యాంకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వదు. పెరిగిందంతా మన జేబులోంచే. ఒక్క ఏడాది ముందు, 93 లక్షలున్నప్పుడు వెళ్లుంటే రిజిస్ట్రేషన్‌తో కలిపి 25 లక్షల 60 వేలతో అయిపోయేది. ఆ తర్వాత రేటు 7 లక్షలు పెరిగితే మా వాటా కూడా దాదాపు 7 లక్షలు పెరిగింది. జీతం ఎంత ఉన్నా, భార్యాభర్తలిద్దరూ కలిసి అప్లై చేసినా ఈ పరిమితి మారదు.

మీ లెక్క చూద్దాం. ఈరోజైతే మీకు 23 లక్షల 40 వేలు కావాలి. ఏడాదికి 8 శాతం పెరుగుతుందనుకుంటే వచ్చే ఏడు ధర 92 లక్షల దగ్గర, మీ వాటా 25 పైచిలుకు. ఆ పై ఏడు ధర 99 లక్షలు, వాటా 31 పైనే. నెలకు 40 వేలంటే ఏడాదికి 4 లక్షల 80 వేలు. మొదటి ఏడాది మీరు ముందుంటారు, రెండో ఏడాది వెనకబడిపోతారు. కాబట్టి వచ్చే ఏడాదిలోపు 25 లక్షలు చేతికొచ్చే దారి ఉంటే ఇదే ఫ్లాట్ చూడండి. లేకపోతే ఇప్పుడే 75, 80 లక్షల్లో దొరికే చిన్న ఫ్లాట్‌కో పాత ఫ్లాట్‌కో దిగండి, రెండేళ్లు గడిచినా ఆ 93 లక్షల 75 వేల గీతకు ఇవతలే ఉంటారు.

ఇంకా కడుతున్న ఫ్లాట్ కొంటే రేటు ఈరోజే ఖాయమవుతుంది, మన వాటా విడతలుగా కట్టుకోవచ్చు. 5 శాతం జీఎస్టీ పడుతుంది గానీ, ఏడాదికి 8 శాతం పెరిగే చోట అది పెద్ద నష్టం కాదు. అసలు బాధ ఆలస్యం. అద్దె, లోన్ వడ్డీ రెండూ కట్టుకుంటూ కూర్చోవాలి. రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టం కింద నంబర్ లేని ప్రీలాంచ్ జోలికి మాత్రం పోవద్దు. రెరా ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అంతకన్నా ఎక్కువ అడిగితే లేచి వచ్చేయండి.

మేం చివరికి పక్క వీధిలో నాలుగేళ్ల పాత ఫ్లాట్ 92 లక్షలకు మాట్లాడుకున్నాం. మావారి పీఎఫ్ నుంచి మూడున్నర లక్షలు తీశాక 25 లక్షల 80 వేలయ్యాయి. చాలనుకున్నాం. కానీ బ్యాంకు పంపిన వాల్యుయర్ 90 లక్షలే అని రాశాడు. బ్యాంకు ఏది తక్కువైతే దాని మీదే 80 శాతం ఇస్తుంది. మిగతా తేడా మళ్లీ మన మీదే, లక్ష రూపాయల పైన తగ్గింది. మీరు వేసుకునే లెక్కలో దీనికోసం ఓ రెండు లక్షలు విడిగా ఉంచుకోండి. నా గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.